రాజు వేసుకున్న మాసిక

ఆ రోజుల్లో మా మొయినాబాద్ చుట్టుపక్కల రెండు కరువులుండేవి. ఒకటి బట్ట కరువు, రెండోది బుద్ధి కరువు. మొదటిది ఎక్కడో జరుగుతున్న యుద్ధం తెచ్చిపెట్టింది. రెండోది ఎవరు తెచ్చారో లోకానికి చెప్పడానికే నేను పుట్టానని పందొమ్మిదేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం. మా బాపు దర్జీ. సడక్ పక్కన అరుగు మీద మిషను పెట్టుకుని నాలుగు ఊళ్లకు అంగీలు కుట్టేవాడు. ఆయన కుట్టు చూసి పక్క ఊరి దర్జీలు సైతం తల గీరుకునేవాళ్లు. ఆయన కొడుకునైన నేను సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా నేర్చుకోలేదు. మనిషిని కట్టుబట్టను బట్టి, పుట్టిన ఇంటిని బట్టి కొలిచే ఈ లోకానికి బట్టలు కుట్టిపెట్టడం అంటే ఆ అన్యాయానికి సాయం చేయడమేనని వాదించేవాణ్ణి. (నేను వేసుకున్న అంగీ కూడా బాపు కుట్టిందేనని అప్పట్లో ఎవరూ గుర్తు చేయలేదు. చేసినా దానికీ ఒక జవాబు ఉండేది.) మా అమ్మ, అంటే మా ఇంటి మాటలో అవ్వ, ప్రతి ఆదివారం చర్చికి పోయి తనకోసం ఒకసారి, ప్రార్థన మానేసిన నాకోసం ఇంకోసారి మోకరిల్లేది. ఊళ్లో నన్ను ‘ఉట్టి వకీలు’ అనేవాళ్లు. కేసు లేకుండా వాదించేవాడని అర్థం.

అలాంటి నాకు ఒక ఉద్యోగం దొరికింది. చెన్నపట్నం నుంచి ఒక సినిమా కంపెనీ గండిపేట చెరువు పక్క బండల మీద ఒక జానపద కథ తీయడానికి దిగింది. మాంత్రికుడి కుట్ర వల్ల రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు అడవిలో కట్టెలు కొట్టుకుని బతుకుతాడు, చివరికి గెలుస్తాడు. రాజులూ మాంత్రికులూ నాకు గిట్టని జాతి. అయినా జీతం ఇస్తామన్నారు, నేను పోయాను. (విప్లవకారులకూ ఆకలవుతుంది.) నా పని బట్టల పెట్టెలు మోయడం. వాటికి యజమాని ఒక బెజవాడ పెద్దమనిషి. చిన్న కంపెనీ కాబట్టి నటుల బట్టలూ, ముఖాల రంగులూ రెండూ ఆయన చేతి కిందే. ఎప్పుడూ కంటి దగ్గర గోధుమరంగు గాజుబిళ్ల ఒకటి పెట్టుకుని చూస్తుంటాడు కాబట్టి నేను ఆయనకు ‘గాజుకన్ను మేస్త్రీ’ అని పేరు పెట్టాను, మనసులో.

మొదటి రోజే ఆయనతో వాదం పెట్టుకున్నాను. మాంత్రికుడికి ఎర్రటి బట్ట, మంత్రికి పచ్చటి బట్ట తీశాడు. రక్తం రంగు దుర్మార్గుడికి కట్టడం మూఢనమ్మకం కాదా అని అడిగాను. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. గాజుబిళ్ల నా చేతికిచ్చి, “చూడు బాబూ” అన్నాడు. చూస్తే ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిదరంగు. మన ఫిల్ముకు రంగులు తెలియవని, నలుపు నుంచి తెలుపు దాకా ఉండే మెట్లే తెలుసని, ఆ బిళ్లలోంచి చూస్తే ఏ రంగు ఏ మెట్టు మీద కూర్చుంటుందో ముందే తెలుస్తుందని చెప్పాడు. “రంగు అబద్ధం ఆడుద్ది. బట్ట మెరుపు ఆడదు,” అన్నాడు. అందుకని మంత్రికి పట్టు కట్టాడు, వెలుగు పడగానే జారి మెరుస్తుంది. మాంత్రికుడికి మెరుపే లేని మందమైన ముతక బట్ట. దాని మీద పడ్డ వెలుగు బావిలో రాయి పడ్డట్టు మాయమవుతుంది. ఇదే మాంత్రికుడు కథ మొదట్లో మంచి సన్యాసి వేషంలో రాజు దగ్గరికి వస్తాడు. అప్పుడు ముఖానికి దయగల రంగు వేసి, గడ్డం వెంట్రుకలు చిన్న చిన్న కుచ్చులుగా జిగురుతో అంటించి, అంతా సాత్వికంగా దిద్దాడు. చేతి గోళ్లు మాత్రం కత్తిరించలేదు. “రాజు ముఖం చూస్తాడు. టిక్కెట్టు కొన్నవాడు గోళ్లు చూస్తాడు. అంతే తేడా,” అన్నాడు.

రాజు ముఖం విషయంలో మాత్రం నేను వదల్లేదు. అడవిలో ఎండకు కమిలినట్టు ముఖమంతా నాలుగు ఛాయలు ముదురు రంగు పూసి, చేతులకూ మెడకూ అదే పూసి, నుదుటి మీద ఒక పట్టీ మేర మాత్రం లేత రంగు ఉంచాడు. కిరీటం కప్పిన చోటట అది. తలగుడ్డ తీసినప్పుడు ఒక్క క్షణం కనిపిస్తుందట. పన్నెండేళ్లు అడవిలో ఉన్నవాడికి ఆ పట్టీ కూడా కమలాలి కదా, ఇది శాస్త్రవిరుద్ధం కదా అని నిలదీశాను. “సినిమా ఎండ వేరు బాబూ,” అన్నాడు మేస్త్రీ, దూది అద్దుతూనే. ఇంత బలహీనమైన జవాబుకు ఎదురు జవాబు దొరక్క నేను ఓడిపోయిన సందర్భం జీవితంలో అదొక్కటే.

అసలు కథ ఆ రాజు అంగీతో మొదలైంది. శనివారం పొద్దున మేస్త్రీ నన్ను పిలిచి, కట్టెలు కొట్టే రాజు వేసుకునే అంగీ చేతిలో పెట్టి, “మీ నాన్నగారు దర్జీ అన్నావుగా. ఇదిగో, నడుం దగ్గర ఒక నాడా ఊడింది. అదొక్కటీ కుట్టించుకుని సోమవారం పొద్దున్నే తీసుకురా. రాజుగారి వేషధారి ఆ సాయంత్రమే రైలుకు వెళ్లిపోతాడు. ఈ షాటు ఆగకూడదు,” అన్నాడు. నేను దాన్ని ఇంట్లో పడేసి, బాపుకు ‘నాడా’ అన్న ఒక్క మాట చెప్పి, సైకిలెక్కి చేవెళ్లకు పోయాను. అక్కడ మా కుర్రకారు చర్చాగోష్ఠి. ‘మనిషికి గౌరవం బట్ట వల్లనా, బుద్ధి వల్లనా’ అన్నది విషయం. బుద్ధి పక్షాన నేను గంటసేపు మాట్లాడి గెలిచాను. బట్ట పక్షాన మాట్లాడినవాడికి నత్తి ఉంది అన్న సంగతి ఇక్కడ దాచను.

గెలిచిన సంబరంలో ఆదివారం కూడా అక్కడే ఉండిపోయి, సోమవారం తెల్లవారి చేవెళ్ల నుంచి వచ్చేసరికి గడపలో అవ్వ తెల్లటి గుడ్డలో కట్టిన మూట పట్టుకుని నిలబడి ఉంది. బాపు పండక్కి కట్టుకునే ధోవతి కట్టి ఉన్నాడు.

“మేము గూడ వస్తున్నం,” అంది అవ్వ. “కంపెనీ వాళ్లు చూసి ఏమంటరో మా చెవులతోని వినాలె.”

“నాడాకు ఏమంటరు?”

“జర విప్పి చూస్కో బిడ్డ.”

“చూసేదేమున్నది అవ్వా, నాడా ఒక్కటే గద. పొద్దెక్కుతున్నది.”

ఈ మాట నా నోటి నుంచి వచ్చింది. ప్రతిదాన్నీ విప్పి, పరీక్షించి, ఆ తర్వాతే నమ్మాలని రెండు రోజుల కింద చేవెళ్లలో బల్ల గుద్ది చెప్పిన నోరే అది.

గండిపేట బండల మీద కెమెరా నిలబెట్టారు. రాజు ముఖానికి రంగు అయిపోయింది. డైరెక్టరు, మేస్త్రీ, పది మంది పనివాళ్లు చూస్తుండగా నేను మూట విప్పాను. లోపల అంగీ కొంగ రెక్కలాగా మెరిసింది. మా ఇంట్లో శనివారం ఏం జరిగిందో నాకు నిమిషంలో అర్థమైంది. బట్ట దొరకని ఆ రోజుల్లో కుక్కలు పీకినట్టున్న అంగీ చూసి అవ్వ ప్రాణం కొట్టుకుంది. అంత పెద్ద కంపెనీ మన చేతికి ఇచ్చిన బట్టను నాడా కుట్టి అట్లనే తిప్పి పంపితే ఇజ్జత్ ఏముంటుంది అనుకుంది. సబ్బుతో ఉతికి, దాని గోధుమరంగు మరక పోలేదని సవుడు మన్ను పెట్టి ఉడకేసి, నీలిమందు, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. (ఆదివారం పని ముట్టరు కాబట్టి మొత్తం ఒక్క రోజులోనే.) బాపు చినుగులన్నీ రఫ్ఫు చేశాడు. ఎక్కడ చినిగిందో వేలుతో తడిమినా దొరకదు. నాడాలు పాతకాలపువని తీసేసి ముందర ఐదు గుండీలు కుట్టాడు. లోపల అస్తరుకు ఎవరో పొరపాటున కుట్టిన జరీ గుడ్డను జాగ్రత్తగా విప్పి, మెడ చుట్టూ అంచుగా వేశాడు.

బాపు ఒక అడుగు ముందుకు వేసి, “మా చేతి పని దొరా,” అన్నాడు.

డైరెక్టరు అంగీని చూశాడు, మేస్త్రీని చూశాడు. “వీడు కట్టెలు కొట్టుకునేవాడా, పెళ్లికొడుకా?”

బాపు దాన్ని మెప్పు అనుకుని తల వంచి దండం పెట్టాడు. మేస్త్రీ పెట్టె మీద కూలబడ్డాడు. ఆయన చెప్తుంటే అప్పుడు తెలిసింది నాకు, ఆ ఒక్క అంగీలో ఎన్ని మాటలు రాసి పెట్టాడో. ఆ దృశ్యంలో మాటలే లేవు. రాజు తలగుడ్డ విప్పి, గొడ్డలి ఎత్తి కట్టె కొడతాడు, పక్కన మిగతా కట్టెలవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇతడు రాజని తెలియకూడదు. సినిమా చూసేవాళ్లకు తెలియాలి. తెల్లబట్ట కెమెరా ముందు మంటలాగా వెలిగిపోయి పక్కనున్న ముఖాన్ని నల్లగా ముంచుతుంది, అందుకని టీ నీళ్లలో ముంచి దాని పొగరు తగ్గించాడు. మరక కాదది. గుండీలు లేని కాలం కథ కాబట్టి నాడాలు పెట్టాడు. చినుగులు పేదరికం. లోపలి జరీ రాచరికం, గొడ్డలి ఎత్తినప్పుడు చినుగులోంచి ఒకసారి మెరిసి మాయమవ్వాలి. కాలం, పేదరికం, దాచిన పుట్టుక, మూడింటినీ మా అవ్వా బాపూ ఒక్క శనివారం ఉతికి, కుట్టి, ఇస్త్రీ చేసి పడేశారు.

“ఫిల్ము కోటా ప్రకారం దొరుకుతోంది. హీరో సాయంత్రం వెళ్తున్నాడు,” అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా. “మధ్యాహ్నం రెండింటికి ఎండ ఆ బండ మీదికి వస్తుంది. అప్పటికి అంగీ కాలేదంటే ఈ కుర్రాడితో పాటు నువ్వూ ఇంటిదారి పట్టు మేస్త్రీ. మళ్లీ రావద్దు.”

నా ఉద్యోగం పోతే పోయింది, మళ్లీ ఉట్టి వకీలునవుతాను. కానీ ఆ పెద్దమనిషి ముఖం చూడలేకపోయాను. ఆయన నన్ను తిట్టలేదు. “తప్పు నాదేలే. నాడా అని చెప్పాను గానీ మిగతావి ఎందుకట్లా ఉన్నాయో చెప్పలేదు,” అన్నాడు.

అవ్వ ముందుకొచ్చింది. “ఇంతకు ఈ అంగీ తొడిగేటోడు ఎవలు? సక్కగ చెప్పున్రి.”

మేస్త్రీ చెప్పాడు. అవ్వ విని, “గట్ల చెప్పాలె గద మొదాలు,” అంది. “మరి అంగీని రొమ్ము మీద ఎందుకు చింపినవయ్యా? పులితోని కొట్లాడిండా?”

“పేదవాడని తెలియాలి కదమ్మా.”

“పేదోని అంగీ రొమ్ము మీద చినుగది. కట్టెమోపు ఏ భుజం మీద పెడతడో ఆ భుజం అరుగుతది. మోచేయి అరుగుతది. గొడ్డలి దోపుకున్న కాడ నడుం అరుగుతది. ముందర సక్కగనే ఉంటది. ముందర ఏం పని ఉంటది దానికి?”

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. అవ్వ ఇక ఆగలేదు. అంగీని చెరువు నీళ్లలో పిండి గంజి తీసింది. పనివాళ్ల కోసం కాచిన టీ దేగిసా మొత్తం తెప్పించి అందులో ముంచింది. తడి మీదనే కుడి భుజాన్ని బండకేసి ఇటుక ముక్కతో రుద్దింది, దారాలు తేలేదాకా. మెడ పట్టీకి పల్లినూనె చేతితో రాసి పైన దుమ్ము అద్దింది. ఉప్పు నీళ్లు కలిపి వీపు మీద చిలకరించి ఎండకు పరిచింది. ఆరేసరికి చెమట ఎండి కట్టిన తెల్ల చారలు నిజంగానే కనిపించాయి. మేస్త్రీ గాజుబిళ్లలోంచి చూసి, “ఈ చారలు పడతాయి, బ్రహ్మాండంగా పడతాయి,” అని తనలో తను అనుకున్నాడు. రొమ్ము మీదివి తప్ప మిగతా రఫ్ఫులన్నీ బాపు తనే విప్పాడు. ఒక్కో దారం లాగుతుంటే ఆయన ముఖం పన్ను పీకించుకుంటున్నట్టుంది. గుండీలు కోసి జేబులో వేసుకున్నాడు, మెడ చుట్టూ వేసిన జరీ విప్పి పక్కన పెట్టాడు. అంగీ అంచు చించిన పేలికలతోనే నాడాలు పేని పెట్టాడు.

“ఇక జరీ లోపల పెట్టాలి,” అన్నాడు మేస్త్రీ.

“లోపల ఎందుకుంటది?” అంది అవ్వ. “ఆకలితోటి ఉన్నోడు జరీ అస్తరు కుట్టుకుంటడా? గీడ చంక కింద పికిలింది చూడు. దీనికి మాసిక ఏస్తడు. ఇంట్ల ఆడది లేదు, సొంతంగ ఏసుకుంటడు. వాని కాడ ఉన్న బట్ట ఏంది? రాజుగ ఉన్నప్పటి జరీ పీలికనే. ఎవలన్న చూస్తే పరేషాన్ అని తిర్లేసి ఏస్తడు, మెరుపు లోపలికి పోయేటట్టు. చెయ్యి లేపితే అంచు లేచి సందుల కెళ్లి కనబడతది.”

మేస్త్రీ రెండు చేతులూ జోడించాడు. అవ్వ అది పట్టించుకోకుండా, “కుట్టు గూడ మంచిగుండొద్దు. రాజు ఎన్నడన్న సూది పట్టిండా?” అని బాపు చేతికి అంగీ ఇచ్చింది.

ఇక్కడే పని ఆగిపోయింది. నలుగురు దర్జీలు తల గీరుకునే ఆ చేతికి చెడ్డ కుట్టు రావడం లేదు. బాపు పళ్లు బిగబట్టి వంకర కుట్టాడు. వంకర కూడా ఒకే కొలతలో వరుసగా, తోరణం కట్టినట్టు వచ్చింది. విప్పాడు. కళ్లు మూసుకుని కుట్టాడు. ఇంకా బాగా వచ్చింది. ఎడమ చేత్తో కుట్టాడు. “అది మీరు అందరికీ నేర్పదగ్గ కుట్టండీ,” అన్నాడు మేస్త్రీ దిగులుగా. ఎండ బండ మీదికి పాకుతోంది.

బాపు తలెత్తి నన్ను చూశాడు. “వీనికియ్యి,” అన్నాడు అవ్వతో. “రాజులెక్క ఈ ఇంట్ల వీడొక్కడే బతికిండు.”

అందరూ నవ్వారు. నేను సూది అందుకున్నాను. మొదటి పోటు నా వేలులోకే దిగింది. రెండోది గుడ్డ దాటి ఎటో పోయింది. ఒక కుట్టు జానెడు, ఇంకోటి చీమంత. దారం చిక్కుపడితే విప్పడం రాక ముడి మీద ముడి వేశాను. పది మంది చూస్తుండగా చెమటలు కారుస్తూ నేనా మాసిక వేస్తుంటే, మేస్త్రీ పక్కన కూర్చుని “అబ్బ, అలాగే. ఏమీ మార్చకు,” అంటున్నాడు. జీవితంలో నా పనికి అంత నిజాయితీ గల మెప్పు మళ్లీ దొరకలేదు. వేలి రక్తం ఒక చుక్క గుడ్డ మీద పడింది. తుడవబోతే ఆయన బిళ్లలోంచి చూసి, “వద్దు. మట్టి మరకలా పడుద్ది. రాజుకీ గుచ్చుకునే ఉంటుంది,” అన్నాడు.

రెండు దాటాక ఎండ బండ మీదికి వచ్చింది. రాజు తలగుడ్డ విప్పాడు, నుదుటి మీద లేత పట్టీ తెలిసీ తెలియనట్టు కనబడింది. గొడ్డలి ఎత్తాడు. చంక కింద మాసిక సాగింది, కుట్టుకూ కుట్టుకూ మధ్య సందులోంచి జరీ చురుక్కుమంది, గొడ్డలి దిగేసరికి లేదు. ఒకే షాటు. డైరెక్టరు మేస్త్రీ వైపు తిరిగాడు. “ఆ మాసిక ఎవరి ఆలోచన?” అన్నాడు. తనదని మేస్త్రీ చెప్పుకుని ఉంటే అడిగేవాళ్లు లేరక్కడ. ఆయన వేలు పెట్టి అవ్వను చూపించాడు. డైరెక్టరు తన కుర్చీ ఆమె వైపు జరిపి కూర్చోమన్నాడు. ఊరి బయట ఉండే మా వాడ మనిషికి అలా పది మందిలో కుర్చీ జరిపినవాణ్ణి అప్పటిదాకా నేను చూసి ఉండలేదు. అవ్వ కూర్చోలేదు. “నిలబడితేనే మంచిగ కనబడతది,” అని చీర చెంగు సర్దుకుని, మిగతా కట్టెలవాళ్ల బట్టల వైపు చూపు తిప్పింది. మేస్త్రీకి ఆ వారమంతా పని దొరికింది.

ఏడాది దాటాక ఆ సినిమా చేవెళ్లలో డేరా వేసి ఆడించారు. అవ్వనూ బాపునూ తీసుకుపోయాను. ఆ దృశ్యం వస్తుంటే బాపు తల దించుకున్నాడు. అంత పెద్ద తెర మీద అంత చెడ్డ కుట్టు, అదీ తన ఇంటి నుంచి పోయింది, ఎవరైనా గుర్తుపడితే ఎట్లా అని ఆయన భయం. గొడ్డలి లేచింది. వెనక వరుసలో ఒక రైతు పక్కవాడితో అన్నాడు, “ఒరే, వీడే రాజురా. మాసిక ఏసుకునుడు గూడ వస్తలేదు చూడు.” ఆ మాట వరుస వరుసకూ పాకింది. చదువురాని ఆ డేరా మొత్తం ఒక చొక్కాను చదివేసింది.

చేవెళ్ల చర్చలో గంటసేపు నేను చెప్పి చెప్పలేకపోయిన ముక్క అప్పుడు నాకు దొరికింది. రాచరికం నెత్తుటిలో ఉండదు. ఉంటే దాన్ని తెర మీద చూపడానికి గండిపేట బండ మీద ఒక దర్జీ, ఆయన భార్య, ఒక మేస్త్రీ, ఒక దేగిసా టీ అక్కర ఉండేది కాదు. రాజును మేమే కుట్టాం. కుట్టగలిగినదాన్ని విప్పనూవచ్చు. ఆ తర్వాత నలభై ఏళ్లు నేను రాసిన వ్యాసాలన్నీ ఈ నాలుగు మాటల చుట్టూ వేసిన అస్తరే. వాటిని చదివి కోప్పడ్డవాళ్లున్నారు, మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ డేరా నిండా జనం ఒక్కసారిగా ఒప్పుకున్న వాదం నేను కలంతో రాసింది కాదు.

దీపాలు వెలిగాక బాపు లేచి, వెనక్కి తిరిగి, ఆ రైతు ముఖం బాగా చూశాడు. ముప్పై ఏళ్ల తన పనిలో ఒక్కనాడూ ఎవరి ముందూ గొప్ప చెప్పుకోని మనిషి, గొంతు సవరించుకుని, “ఆ కుట్టు మా పిలగానిది,” అన్నాడు. అని, నా భుజం మీద చెయ్యి వేసి డేరా బయటికి నడిపించుకు వచ్చాడు. దారిలో ఒక్క మాట చెప్పాడు. “మళ్లా ఎన్నడు కుట్టకు.”

కుట్టలేదు. ఇప్పుడు చొక్కా గుండీ ఊడినా మా ఇంటావిడ చేతికే ఇస్తాను. ఆమె కుట్టేదాకా పక్కన కూర్చుని, ఆ సంగతి మళ్లీ మొదటి నుంచి చెబుతాను. ఆమె ఊఁ కొడుతూనే ఉంటుంది. దారం తెంపాక మాత్రం, “రాజుగారూ, తొడుక్కోండి,” అంటుంది.